గాడిద వీపు మీద పుండుకి ఏం రాయాలని అడిగేవాళ్లకి

బరువులు మోసే గాడిదల్ని పెట్టుకున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. వీపు మీద పుండు పడింది, ఎన్ని రోజులైనా మానట్లేదు, ఏం రాయమంటారు? నేను మందు పేరు చెప్పను. వీపు మీద వేసే గంత తెచ్చి తిరగేసి చూపించమంటాను. తర్వాత అది రోజంతా ఏం తింటుందో అడుగుతాను, ఆ తర్వాత నాలుగు కాళ్లూ ఎత్తి చూస్తాను. ఈ కాళ్ల దగ్గరకి వచ్చేసరికి చాలామందికి చిరాకు వస్తుంది. పుండు వీపు మీదుంటే గిట్టలు చూడటమేంటండీ అంటారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి నోటితో చెప్తే రెండు నిమిషాల్లో మర్చిపోతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నా వాదన సూటిగా ఇది: మోత గాడిద వీపు మీద పుండు చర్మవ్యాధి కాదు. చెప్పు కరిచిన చోట మందు రాసుకుని మళ్లీ అదే చెప్పు వేసుకుని నడిస్తే అది ఎన్నాళ్లకి మానుతుంది? ఇక్కడా అంతే. చర్మానికి ఏ జబ్బూ లేదు, దాన్ని రోజూ ఎవరో నలుపుతున్నారు. ఎక్కడ, ఎందుకు నలుగుతోందో కనిపెడితే గాయాన్ని శుభ్రంగా ఉంచితే చాలు, చాలామటుకు అదే మానుతుంది. కనిపెట్టకపోతే ఎంత ఖరీదైన మందైనా దండగ.

అసలు పుండు ఎలా పుడుతుందో చూడండి. గాడిద మూపు దగ్గర, వెన్ను పొడవునా ఎముక చర్మానికి బాగా దగ్గరగా ఉంటుంది. పైన బరువు, కింద ఎముక, మధ్యలో పలచటి చర్మం. ఆ ఒత్తిడికి సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. కాసేపైతే ఫర్వాలేదు, గంటల తరబడి అలాగే ఉంటే ఆ చోట కండ, చర్మం చచ్చిపోవడం మొదలవుతుంది. ఇది చాలాసార్లు లోపలి నుంచి బయటికి వస్తుంది, కాబట్టి మనకి పైన పచ్చి కనపడేసరికి లోపల నష్టం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. రెండో రకం రాపిడి. గంత కట్టే పట్టా వదులుగా ఉండి, గంత అడుగడుగుకీ అటూ ఇటూ జరుగుతుంటే పైచర్మం లేచిపోతుంది. చెమట, దుమ్ము, ఇసుక తోడైతే ఇంకా త్వరగా లేస్తుంది. మొదటిది బరువు సమస్య, రెండోది కట్టు సమస్య. రెండూ కలిసి ఉండటమే మామూలు.

ఒక గాడిద సంగతి చెప్తాను. ఎనిమిదేళ్ల వయసుండే మగది, తన జత గాడిదతో కలిసి ఇటుకలు మోసేది. మూపుకి కుడివైపు, అరచేతిలో సగం ఉండే పుండు. అంచులు గట్టిపడి, మధ్యలో తడిగా, ఎర్రగా ఉంది. యజమాని నిర్లక్ష్యం మనిషి కాదు. రోజూ కడిగేవాడు, పొడి చల్లేవాడు, పుండు మీద మెత్తగా ఉంటుందని మడతలు పెట్టిన గుడ్డ వేసి దాని మీద గంత కట్టేవాడు. ఆ మంచి మనసే పుండుని మాననివ్వట్లేదు. పుండు ఉన్నచోట ఎత్తు పెంచితే బరువంతా అక్కడికే వచ్చి పడుతుంది, మెత్తటి గుడ్డ అయినా సరే. ఇంకొందరు పుండు సైజుకి గంతలో బొక్క కోస్తారు. చూడటానికి తెలివైన పనిలా ఉంటుంది కానీ ఆ బొక్క అంచు పుండు చుట్టూ గుండ్రంగా నొక్కి, చుట్టుపక్కల నుంచి వచ్చే రక్తాన్ని కూడా ఆపేస్తుంది. కొన్నాళ్లకి పుండు బొక్క అంత పెద్దదవుతుంది.

దాన్ని పని మధ్యలోనే చూడాలని అడిగాను. ఉదయం విశ్రాంతిగా ఉన్న గాడిదని చూస్తే సగం విషయాలు తెలియవు. బరువు దించాక పొట్ట కింద పట్టాని వదులు చేసి, గంతని కాసేపు అలాగే వీపు మీద ఉంచి, తర్వాత తీశాం. గంటల తరబడి నొక్కుకుని ఉన్నచోట నుంచి ఒత్తిడి ఒక్కసారిగా తీసేస్తే వాపు వస్తుందని పాతకాలం నుంచి మోత జంతువుల్ని చూసుకునేవాళ్లు పాటించే పద్ధతి ఇది. గంత తీయగానే చేయి పెట్టకుండా ముందు కళ్లతో చూడాలి. వీపంతా చెమటతో తడిసి ఉంది, కానీ మూపుకి కుడివైపు పుండు పక్కనే ఒక చోట, ఎడమవైపు నడుము దగ్గర ఇంకో చోట వెంట్రుకలు పొడిగా, దుమ్ము రంగులో ఉన్నాయి. చుట్టూ తడి ఉండి మధ్యలో పొడి మచ్చ ఉంటే బాగుందనుకోకండి. అక్కడ ఎంత నొక్కుకుపోయిందంటే చెమట గ్రంథులు కూడా పనిచేయలేదన్నమాట. రేపటి పుండు పడే చోటు అదే. ఈ ఒక్క గుర్తు తెలిస్తే చాలు, పుండు పడకముందే గంత సరిచేసుకోవచ్చు. ఏ ఖర్చూ లేని పరీక్ష, ఎందుకో ఎవరూ చేయరు.

ఇప్పుడు మూపు కుడివైపు, నడుము ఎడమవైపు అని రాశాను కదా. ముందు కుడి, వెనక ఎడమ. అంటే గంత నిటారుగా కూర్చోవట్లేదు, మూలగా మెలి తిరుగుతోంది. ఎందుకు తిరుగుతోంది అనేదే అసలు ప్రశ్న.

మొదటి అనుమానం ఎప్పుడూ బరువు మీద. రెండు పక్కలా ఇటుకల లెక్క సమానంగానే ఉంది, పది, పది. ఇటుక 3 కిలోలనుకుంటే మొత్తం 60 కిలోలు, గంత ఇంకో 5. ఇక గాడిద బరువు ఎంత? కాటా అక్కర్లేదు. ముందుకాళ్ల వెనక, మూపు వెనక నుంచి రొమ్ము చుట్టూ టేపు పెట్టి కొలవండి. దీనికి 110 సెంటీమీటర్లు వచ్చింది. ఆ కొలత ఉన్న పెద్ద గాడిద సుమారు 115 నుంచి 120 కిలోలు ఉంటుంది. అంటే తన బరువులో సగం కన్నా ఎక్కువ వీపు మీద పెట్టుకుని రోజంతా తిరుగుతోంది. మోత గాడిదకి తన బరువులో పావు వంతు నుంచి మూడో వంతు లోపల ఉంచాలన్నది చాలామంది ఒప్పుకునే లెక్క, అది కూడా గంత బరువుతో కలిపి. నేను ఎత్తులు, ఎండ ఉంటే పావు వంతు దగ్గరే ఆగిపోతాను. ఈ గాడిదకి 30 నుంచి 39 కిలోలు. గంత పోగా పది ఇటుకలు, పక్కకి అయిదు.

ఇక్కడ పెద్ద వాదనే అయింది. సగం మోస్తే సగం డబ్బులే వస్తాయి, నా ఇల్లు ఎవరు నడుపుతారు అన్నాడు. ఆయన లెక్క తప్పని నేను అనను. తక్కువ బరువుతో గాడిద కొంచెం చురుగ్గా నడుస్తుంది, ఎక్కువ తిరుగుళ్లు వేస్తుంది, కానీ ఆ తేడా మొత్తం పూడుతుందని చెప్తే అబద్ధం. నేను చెప్పింది ఒక్కటే. పైచర్మం మాత్రమే లేచిన పుండు విశ్రాంతి ఇస్తే రెండు మూడు వారాల్లో మానుతుంది. లోతుకి దిగిన పుండుకి నెలలు పడుతుంది. మూపు దగ్గర చీము లోపలికి సొరంగంలా పోయి ఎముక దాకా చేరితే ఆపరేషన్ చేసినా గ్యారంటీ లేదు. ఆ నెలల్లో వచ్చేది సగం కూడా కాదు, సున్నా. ఆయన పన్నెండు ఇటుకలన్నాడు, నేను పది అన్నాను. చివరికి పదికి ఒప్పుకున్నాడు కానీ సంతోషంగా కాదు.

అయితే బరువు ఎక్కువవడం పుండు ఎందుకు పడిందో చెప్తుంది గానీ, మూలగా ఎందుకు పడిందో చెప్పదు. గంతని తిరగేశాం. ప్లాస్టిక్ గోనె సంచిలో ఎండుగడ్డి కుక్కి కుట్టింది. ప్లాస్టిక్ చెమటని పీల్చుకోదు, చర్మాన్ని ఉడికిస్తుంది. లోపలి గడ్డి ఉండలు కట్టి, కొన్ని చోట్ల రాయిలా, కొన్ని చోట్ల ఖాళీగా ఉంది. నేను గంతని పరీక్షించేది నా మోచేయి పెట్టి ఒరుగుతూ. ఒక చివర నుంచి ఇంకో చివరికి ఒరుగుతూ పోతే ఏ ఉండైనా మోచేతికి గుచ్చుకుంటుంది, అరచేతికి అంత తెలియదు. అన్నిటికన్నా పెద్ద తప్పు, అది ఒకటే పరుపులా ఉంది. వెన్నెముక మీద పడకుండా మధ్యలో సందు లేదు.

మంచి గంత అంటే నా దృష్టిలో రెండు లావుపాటి దిండ్లు, వెన్నుకి అటొకటి ఇటొకటి, మధ్యలో నాలుగు వేళ్ల వెడల్పు సందు. బరువు పక్కటెముకల మీది కండ మీద పరుచుకోవాలి, వెన్ను మీద గాలి ఆడాలి. ఇది ఖాళీ గంతతో కాదు, పూర్తి బరువు వేశాక చూడాలి. ముందు నుంచి చేయి దూర్చితే వెన్నుకీ గంతకీ మధ్య రెండు వేళ్లు నిలువుగా పట్టాలి. పట్టకపోతే దిండ్లలో గడ్డి తక్కువైనట్టు. పొడవు భుజం ఎముక వెనక నుంచి చివరి పక్కటెముక దాకా చాలు. ఆ వెనక నడుము కింద ఆధారంగా పక్కటెముకలు లేవు, అక్కడ బరువు పెట్టకూడదు. పైగుడ్డ మందపాటి నూలుది. కూరిన గడ్డి వాడేకొద్దీ అణిగిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో కుట్టు విప్పి మళ్లీ నింపుకోవాలి. ఇలాంటివి రెండు ఉంటే ఒకటి ఎండలో ఆరుతుండగా ఇంకోటి వాడుకోవచ్చు. తడి గంతని పొద్దున్నే మళ్లీ వీపు మీద వేయడం కన్నా చెడ్డ అలవాటు ఇంకోటి లేదు.

పట్టాల గురించి త్వరగా చెప్పేస్తాను. సన్నటి నైలాన్ తాడు కోస్తుంది, సైకిల్ ట్యూబు మెత్తగా ఉంటుందనుకుంటారు కానీ రబ్బరు చర్మాన్ని పట్టుకుని లాగుతుంది, వేడెక్కుతుంది. నాలుగు వేళ్ల వెడల్పున్న నూలు పట్టా మేలు. పొట్ట పట్టా ముందుకాలి మోచేతి మడతలోకి పోకుండా, దాని వెనక ఒక అరచేయి దూరంలో ఉండాలి. దిగుడు దారిలో గంత ముందుకి జారకుండా చాలామంది తోక కింద నుంచి తాడు వేస్తారు. అక్కడ చర్మం చాలా పలచన, ఆ పుండు కనపడదు కూడా. తోక ఎత్తి చూసిన రోజే తెలుస్తుంది. దాని బదులు పిర్రల చుట్టూ వెడల్పు పట్టా వేస్తే అదే పని జరుగుతుంది. ఎక్కుడు దారిలో వెనక్కి జారకుండా రొమ్ముకి ఒక పట్టా, మరీ పైకి పోయి గొంతు నొక్కకుండా చూసుకుంటే చాలు.

గంత లోపాలు సరే, మెలి మాత్రం ఇంకా తేలలేదు. అప్పుడు కాళ్ల దగ్గరకి వెళ్లాం.

బరువు లేకుండా గట్టి నేల మీద తిన్నగా నడిపించి వెనక నుంచి చూశాను. తర్వాత ముందు నుంచి. ఎడమ ముందుకాలు నేల మీద పెట్టినప్పుడల్లా తల కొంచెం పైకి లేస్తోంది, కుడికాలు పడినప్పుడు కిందికి వంగుతోంది. నొప్పి ఉన్న కాలి మీద బరువు పడకుండా తలని పైకి లాక్కుంటుంది, దాన్ని బట్టి నొప్పి ఏ కాలిదో తెలుస్తుంది. ఇది కుంటడం కాదు, రోజూ చూసే మనిషికి కూడా కనపడనంత చిన్న తేడా. గాడిదలు నొప్పిని బయటపెట్టవు. గుర్రం గోల చేసే నొప్పికి గాడిద చెవులు కొంచెం వెనక్కి వాల్చి ఊరుకుంటుంది. అందుకే అది మొండిది, దానికేం కాదు అనే మాట పుట్టింది. ఆ మాట వల్లే చాలా గాడిదలు చివరిదాకా వచ్చాకగానీ డాక్టరు కంట పడవు.

కాలు ఎత్తి చూస్తే గిట్ట ముందువైపు బాగా పొడుగు పెరిగి చెప్పులా సాగింది. గాడిద గిట్ట గుర్రం గిట్టలా ఉండదు, ఇంకొంచెం నిటారుగా, ఇరుకుగా, గొట్టంలా ఉంటుంది. కాబట్టి గుర్రం గిట్ట వాలుని చూసి గాడిద గిట్టని చెక్కకూడదు. పక్క నుంచి చూసినప్పుడు గిట్ట ముందు గీత, దానిపైన కాలి ఎముక గీత ఒకే వాలులో కలిసి పోవాలి. దీనికి మధ్యలో విరిగినట్టు ఉంది. గిట్ట నెలకి సుమారు ఒక సెంటీమీటరు లోపే పెరుగుతుంది, కానీ మెత్తటి, తడి నేల మీద కట్టేస్తే అరగదు. ఆరు నుంచి పది వారాలకోసారి చెక్కించాలి. ఇంకో సంగతి, గాడిద పొడి నేలల జంతువు. దాని గిట్ట తడిని పీల్చుకుని త్వరగా మెత్తబడుతుంది. మూత్రం, పేడ కలిసిన బురదలో రాత్రంతా నిలబడితే గిట్ట అడుగున మధ్యలో ఉండే మూడు మూలల మెత్తటి భాగం కుళ్లుతుంది. ముక్కుకి తెలిసిపోతుంది, నల్లగా, జిగటగా, మురుగు వాసన. గిట్ట గోడకీ అడుగుకీ మధ్య ఉండే తెల్ల గీతలోకి కూడా ఇసుక, మట్టి ఎక్కి లోపల గుల్ల చేస్తాయి.

శుభ్రం చేసేటప్పుడు మొనలేని ఇనప కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకి గీకండి, ఎదురు గీకితే మెత్తటి భాగంలో దిగుతుంది. మధ్య గాడిలో, అటూ ఇటూ గాడుల్లో ఏమీ మిగలకుండా తీసి, బొటనవేలితో అడుగంతా నొక్కుతూ పోవాలి. దీని ఎడమ గిట్టలో తెల్ల గీత దగ్గర నొక్కగానే కాలు లాక్కుంది. అక్కడ నల్లటి చుక్క, కందిగింజంత. మచ్చలా ఉంది గానీ కొక్కెం చివర తగిలితే లోపలికి దిగింది. డాక్టరు వచ్చి ఆ దారి వెంట కొంచెం తెరిస్తే బూడిద రంగు చీము నాలుగు చుక్కలు వచ్చింది. అంతే. ఆ నాలుగు చుక్కలకి చోటు లేక గిట్ట లోపల నొక్కుకుంటుంటే గాడిద ఎడమకాలి మీద తక్కువ సేపు నిలుస్తూ, కుడి భుజం మీద ఎక్కువ ఒరుగుతూ నడిచింది. అడుగడుగుకీ గంత ముందు భాగం కుడికి, వెనక భాగం ఎడమకి తోసుకుంది. మూపు కుడివైపు పుండు అక్కడి నుంచి వచ్చింది. ఇక వీపుకి ఎన్ని పొడులు చల్లితే ఏం లాభం?

చీము తీశాక గిట్టని రోజూ గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కాసేపు ముంచి, పొడిగా తుడిచి, కట్టు కట్టి, పొడి నేల మీద ఉంచారు. ధనుర్వాతం టీకా వేయించారు. గుర్రాలు, గాడిదలకి ధనుర్వాతం చాలా త్వరగా పట్టుకుంటుంది, గిట్టలో దిగిన మేకు చాలు, పట్టుకుంటే బతికించడం కష్టం. ఈ ఒక్క టీకా విషయంలో నేను ఎవరితోనూ బేరం ఆడను. పొడుగు పెరిగిన గిట్టని మాత్రం ఒకేసారి కోయలేదు. ఎన్నో నెలల పెరుగుదలని ఒక్క పూటలో తీసేస్తే కాలి స్నాయువులు, కీళ్లు తట్టుకోలేవు, అడుగు పలచబడి రక్తం వస్తుంది. ఆకురాయితో కొంచెం కొంచెంగా, మూడు నాలుగు వారాల ఎడంతో చేయాలి.

ఇక తిండి ప్రశ్న. దీని పక్కటెముకలు చూపుకే లెక్కపెట్టొచ్చు. వెన్నుకి అటూ ఇటూ కండ దిగిపోయి గుంటలు. ఆరోగ్యంగా ఉన్న గాడిదకి పక్కటెముకలు కంటికి కనపడకూడదు, వేళ్లతో కొంచెం నొక్కితే తగలాలి. ఇది అందం గురించి చెప్పట్లేదు. వెన్ను పక్కన కండే అసలైన గంత, అది లేకపోతే మనం కుట్టిన గంత ఎంత మంచిదైనా ఎముక మీదే పడుతుంది.

దానికి పెట్టేది సాయంత్రం ఒక్కసారిగా కిలో పైన తవుడు, మధ్యాహ్నం దారి పక్కన దొరికింది. రాత్రి కట్టేస్తే ముందు ఏమీ ఉండదు. యజమాని దృష్టిలో తవుడు బలమైన తిండి, ఎండుగడ్డి పొట్ట నింపేది. గాడిద కడుపు లెక్క దీనికి తలకిందులు. దాని జీర్ణాశయం చిన్నది, పీచు పులిసి శక్తిగా మారేది వెనక ఉన్న పెద్దపేగులో. ఆ పేగు రోజంతా కొద్దికొద్దిగా వచ్చే ముతక గడ్డికి అలవాటు పడింది. వదిలేస్తే రోజులో సగం పైన మేస్తూనే ఉంటుంది. ఒకేసారి గింజ, తవుడు దండిగా పడితే అరగకుండా వెనక్కి పోయి పులిసిపోతుంది, కడుపునొప్పి వస్తుంది, ఒక్కోసారి గిట్టల లోపలి పొర వాచి నడవలేని స్థితి వస్తుంది. పైగా తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. నెలల తరబడి అదే ప్రధాన తిండి అయితే ఎముకలు బలహీనపడతాయి.

లెక్క ఇలా వేశాం. పని లేని గాడిదకి రోజుకి దాని బరువులో నూటికి ఒకటిన్నర వంతు ఎండు మేత సరిపోతుంది. మోసే గాడిదకి రెండు నుంచి రెండున్నర. 118 కిలోలనుకుంటే సుమారు 3 కిలోల ఎండుగడ్డి. అందులో ముప్పావు వంతు రాత్రికి ముందు పెట్టాలి, ఎందుకంటే పగలు దానికి తినే టైం లేదు. మిగతాది మధ్యాహ్నం, బరువు, గంత దించాక. గడ్డికి బూజు, దుమ్ము లేకుండా చూడాలి, బూజు వాసన వచ్చిందంటే పారేయడమే. పచ్చిగడ్డి దొరికితే మంచిదే కానీ దానిలో ముప్పావు వంతు నీళ్లే, కిలో ఎండుగడ్డికి బదులు మూడున్నర నుంచి నాలుగు కిలోలు కావాలి. దీనిది బక్క శరీరం కాబట్టి తవుడు మానిపించకుండా పావు కిలో చొప్పున రెండు పూటలకి తగ్గించి, తిండి మార్పు పది రోజుల మీద మెల్లగా చేశాం. నాకడానికి ఉప్పు గడ్డ. పళ్లు కూడా చూపించాం, గాడిద గడ్డిని నమిలి ఉండలుగా కింద పడేస్తుంటే పళ్లలో గొడవ ఉన్నట్టు.

ఒక హెచ్చరిక. కోళ్ల దాణా, పశువుల దాణా మిగిలిందని గాడిదకి పెట్టకండి. కొన్ని దాణాల్లో మొనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోళ్లకి, ఆవులకి అది మామూలే, గుర్రం జాతికి కొద్దిగా పడినా గుండె కండరం దెబ్బతిని చచ్చిపోతాయి.

నీళ్ల గురించి ఒక అపోహ ఉంది, గాడిదకి దాహం వేయదని. వేస్తుంది, ఓర్చుకుంటుంది అంతే. నీళ్లు తక్కువైతే మొదట తిండి తగ్గించేస్తుంది, ముతక గడ్డి పేగులో గట్టిపడుతుంది. మురికి నీళ్లు, వాసన మారిన బక్కెట్టు అయితే దాహంగా ఉన్నా మూతి పెట్టి తీసేస్తుంది. పనిలో ఉన్న రోజు కనీసం నాలుగైదు సార్లు శుభ్రమైన నీళ్లు చూపించాలి, ఎండాకాలం 20 లీటర్ల దాకా తాగొచ్చు.

ఇక పుండు. దానికి చేసింది చాలా తక్కువ. చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలిపి రోజుకోసారి ధారగా పోసి కడగడం, గాయం మీద ఈగలు వాలకుండా చుట్టూ మాత్రమే వేపనూనె రాయడం. ఇంజన్ ఆయిల్, బ్యాటరీ నీళ్లు, వేడి ఇనుముతో కాల్చడం లాంటివి పెట్టుకున్నారంటే చచ్చిన చర్మం పక్కన బతికున్న చర్మాన్ని కూడా చంపుతున్నట్టే. పురుగులు పడినా, దుర్వాసన ఉన్నా, వేలు పెడితే లోపలికి పోతున్నా, జ్వరం ఉన్నా డాక్టరుని పిలవాలి. గాడిద మామూలు వేడి 37 డిగ్రీల దగ్గర ఉంటుంది, 38 దాటిందంటే తేలిగ్గా తీసుకోవద్దు.

విశ్రాంతి ఇచ్చేటప్పుడే ఒక చిక్కు వచ్చింది. జత గాడిద పనికి పోయింది, ఇది ఇంటి దగ్గర ఒంటరిగా మిగిలింది. రెండో రోజుకి తిండి మానేసింది. గడ్డిలో మూతి పెట్టి కదిలిస్తుంది, తింటున్నట్టే ఉంటుంది, సాయంత్రం చూస్తే గడ్డి పెట్టినంతా అలాగే ఉంది. గాడిదలకి జత విడిపోతే నిజంగానే బెంగ పడుతుంది. ఆ బెంగ ప్రమాదం కూడా. తిండి ఆగిపోతే శరీరంలోని కొవ్వంతా ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి లివర్, కిడ్నీలు దెబ్బతింటాయి. హైపర్‌లిపీమియా అంటారు. లావుగా ఉన్నవాటికి, చూలు గాడిదలకి ఎక్కువగా వస్తుంది, బక్కవి పూర్తిగా తప్పించుకుంటాయని లేదు. గాడిద ఒక పూట తినకపోతే ఎదురుచూడొచ్చు, రోజంతా తినకపోతే డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే. ఇక్కడ పరిష్కారం తేలిగ్గానే దొరికింది. గిట్ట కట్టు విప్పేదాకా జతగాడిని సగం పూటే పనికి తీసుకెళ్లాడు, కట్టు విప్పాక దీన్ని గంత లేకుండా ఖాళీగా పక్కనే నడిపించాడు. జతగాడు సగం పూటకే తిరిగొచ్చిన మొదటి సాయంత్రమే తినడం మొదలుపెట్టింది.

మళ్లీ బరువు ఎప్పుడు వేయాలనే దాని మీద కూడా ఆయనా నేనూ కొంచెం తగువులాడుకున్నాం. పుండు మూసుకోగానే వేద్దామన్నాడు. పుండు మూసుకున్నాక వచ్చే చర్మం గులాబీ రంగులో, ఉల్లిపొర లాగా ఉంటుంది, ఒక్క పూట రాపిడికి లేచిపోతుంది. ఆ చర్మం చిటికెన వేలితో జరిపితే కింది కండ మీద సులువుగా జరగాలి, మీద వెంట్రుకలు మొలవడం మొదలవ్వాలి, అరచేతితో నొక్కితే గాడిద వీపు కిందికి వంచకూడదు. ఇవన్నీ అయ్యాక ఖాళీ గంతతో మూడు నాలుగు రోజులు, తర్వాత పక్కకి రెండేసి ఇటుకలు, అలా అయిదు దాకా. మొలిచే వెంట్రుకలు తెల్లగా వచ్చాయి, రంగునిచ్చే కణాలు పోయాయి కాబట్టి అవి అలాగే ఉంటాయి. ఎవరైనా గాడిదని అమ్మకానికి చూపిస్తే నేను మొదట చూసేది వీపు మీది ఆ తెల్ల మచ్చలే, పాత గంత ఎక్కడ నొక్కిందో అవే చెప్తాయి.

కొత్త గంత వేసిన మొదటి వారం ప్రతి సాయంత్రం చెమట మచ్చ చూడమన్నాను. నడుము ఎడమవైపు పొడి మచ్చ పోయింది. మూపు దగ్గర కుడివైపు మాత్రం రూపాయి బిళ్లంత ఇంకా పొడిగానే వచ్చింది. కుడి దిండులో ముందు చివర గడ్డి ఎక్కువ కూరారు. కుట్టు విప్పి గుప్పెడు తీసి, మోచేతితో ఒరిగి చూసుకుని మళ్లీ కుట్టారు.